పేరు కన్నా ముందు విషయం: ఒక డీఎన్ఎస్ పేరాను కొత్తవాళ్ల కోసం తిరగరాయడం

ప్రశ్న: మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ల కోసం, వెబ్‌సైట్‌ను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మార్చే గైడ్ రాస్తున్నాను. కింది పేరా దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగిపోతున్నారు. ప్రతి పదాన్నీ వాడేముందే నిర్వచించి తిరగరాయమంటున్నారు మా సీనియర్. పైన ఒక పదకోశం పెట్టేస్తే సరిపోదా? సరిపోకపోతే ఎలా రాయాలి?

> మైగ్రేషన్‌కు ముందు జోన్‌లో A రికార్డు టీటీఎల్‌ను 300కి తగ్గించండి. తర్వాత రికార్డును కొత్త ఐపీకి మార్చి, ప్రాపగేషన్ పూర్తయ్యేదాకా ఆగండి. రిజాల్వర్ క్యాష్‌లో పాత విలువ ఉంటే కొందరు యూజర్లు పాత సర్వర్‌కే వెళ్తారు కాబట్టి దాన్ని వెంటనే ఆపవద్దు.

సమాధానం:

పదకోశం సరిపోదండి. మీ పేరాలో ఉన్న పదాలు విడివిడిగా కష్టమైనవి కావు. ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి, చిక్కు అక్కడే ఉంది. పదకోశంలో "టీటీఎల్: రిజాల్వర్ క్యాష్‌లో రికార్డు నిలిచి ఉండే కాలం" అని రాస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ అది చదివిన మనిషి రిజాల్వర్ కోసం ఒకచోటికి, క్యాష్ కోసం ఇంకోచోటికి, రికార్డు కోసం మరోచోటికి వెళ్లాలి. మూడూ చూసి వచ్చేసరికి అసలు ఏ వాక్యం దగ్గర బయల్దేరాడో మరిచిపోతాడు. పదకోశం తెలిసినవాళ్లు గుర్తు చేసుకోవడానికి పనికొస్తుంది. తెలియనివాళ్లు నేర్చుకోవడానికి పనికిరాదు.

తిరగరాసే ముందు, చదివేవాళ్లకు ఏమేం తెలుసని మనం అనుకుంటున్నామో ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి. ఈ పేరాకైతే నేను ఇలా పెట్టుకుంటాను: బ్రౌజర్ తెలుసు, సర్వర్ అంటే వెబ్‌సైట్‌ను అందించే కంప్యూటర్ అని తెలుసు, example.com లాంటి డొమైన్ పేరు తెలుసు, ఇంకేమీ తెలియదు. ఈ గీత గీసుకోకపోతే రెండు రకాలుగా నష్టం. ఒకటి, సర్వర్ అంటే ఏమిటి, నెట్‌వర్క్ అంటే ఏమిటి అని వెనక్కి పోతూనే ఉంటాం. రెండోది, ఇంకా ప్రమాదం, "ఇది అందరికీ తెలిసిందేలే" అని మనకు తెలియకుండానే కొన్ని పదాలు వదిలేస్తాం.

ఇప్పుడు పెన్సిల్ పట్టుకుని పేరాలో తెలియని పదాల కింద గీతలు పెట్టండి. మైగ్రేషన్, జోన్, A రికార్డు, టీటీఎల్, ఐపీ, ప్రాపగేషన్, రిజాల్వర్, క్యాష్. ఇవి అందరూ పట్టుకుంటారు. నిజంగా కొత్తవాళ్లను ఆపేవి ఇంకో మూడున్నాయి, అవి పదాల్లా కనిపించవు. మొదటిది "300". మూడు వందల ఏమిటి? సెకన్లా, నిమిషాలా? రెండోది "పాత విలువ". రికార్డులో టీటీఎల్ ఒక విలువ, ఐపీ ఇంకో విలువ. ఏది పాతది? మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, "ముందు". ఎంత ముందు? ఈ మూడో ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మీ పేరాలో అసలు లోపం అక్కడే ఉంది.

గీతలు పెట్టాక, ఒక్కో పదానికి "దీన్ని చెప్పాలంటే ముందు ఏది తెలిసి ఉండాలి?" అని అడుగుతూ వెనక్కి నడవండి. టీటీఎల్ చెప్పాలంటే, రికార్డుకు బయట ఎక్కడో ఒక కాపీ ఉంటుందని తెలియాలి. ఆ కాపీ చెప్పాలంటే దాన్ని ఎవరు ఉంచుకుంటారో, అంటే రిజాల్వర్ ఏమిటో తెలియాలి. రిజాల్వర్ చెప్పాలంటే అది దేన్ని వెతికి తెస్తుందో, అంటే రికార్డు తెలియాలి. రికార్డు చెప్పాలంటే ఐపీ అడ్రస్ తెలియాలి. ఐపీ అడ్రస్‌కు మాత్రం సర్వర్, డొమైన్ పేరు తెలిస్తే చాలు, అవి మన గీతకు ఇవతలే ఉన్నాయి. నడక ఆగిన చోటు నుంచి రాయడం మొదలుపెట్టాలి: ఐపీ అడ్రస్, రికార్డు, రిజాల్వర్, కాపీ, చివరగా టీటీఎల్. మీ పేరా మొదటి వాక్యంలోనే టీటీఎల్‌ను తెచ్చి పెట్టింది. ఈ వరుసలో అన్నిటికన్నా చివర రావలసింది అదే.

ఇలా నడిచేటప్పుడు ఒక్కోసారి గుండ్రంగా తిరుగుతాం. జోన్ అంటే ఒక డొమైన్‌కు చెందిన రికార్డుల సమాహారం. రికార్డు అంటే జోన్‌లో ఉండే ఒక నమోదు. ఒకదాన్ని ఇంకోదానితో చెబుతున్నామంటే రెంటిలో ఒకదాన్ని మామూలు మాటల్లో, మరో పదం ఊసెత్తకుండా చెప్పగలగాలి. ఇక్కడ రికార్డును "పేరుకు అడ్రస్ ఏదో చెప్పే ఒక వరుస" అంటే సరిపోతుంది, గుండ్రం తెగిపోతుంది.

తెగాక ఇంకో మంచి ప్రశ్న వస్తుంది. జోన్ అసలు ఈ పేరాకు అవసరమా? చదివేవాళ్లు చేయాల్సిన పని ఒక వరుసలో రెండు సంఖ్యలు మార్చడం. జోన్ లేకుండానే ఆ పని చెప్పొచ్చు, కాబట్టి తీసేస్తాను. నేను పాటించే లెక్క సులువైనది: ఒక పేరును పరిచయం చేశాక కనీసం రెండోసారి వాడబోతేనే ఆ పేరు ఇస్తాను. ఒకేసారి వచ్చేదైతే విషయాన్ని చెప్పి ఊరుకుంటాను. ఆ లెక్కన క్యాష్ కూడా పోతుంది, "కాపీ" అనే మాట దాని పని చేసేస్తుంది. మైగ్రేషన్ పోతుంది, "కొత్త సర్వర్‌కు మార్చడం" అంటే చాలు. ప్రాపగేషన్‌ను మాత్రం ఈ లెక్కకు మినహాయింపుగా ఉంచుతాను, ఎందుకంటే రేపు వీళ్లకు ఆ మాట ప్రతిచోటా వినబడుతుంది. కానీ దాన్ని వివరణకు ఆధారంగా వాడను. మార్పు మన దగ్గర నుంచి బయల్దేరి ప్రపంచమంతా వ్యాపిస్తుందన్న బొమ్మ వేస్తుంది ఆ మాట. జరిగేది అది కాదు. మనం ఎవరికీ ఏమీ పంపం. ఎవరి దగ్గరున్న పాత కాపీ గడువు వాళ్ల దగ్గర తీరిపోతుంది, అప్పుడు వాళ్లే వచ్చి మళ్లీ అడుగుతారు. కాబట్టి జరిగేదంతా చెప్పాక, దీన్ని ఇలా పిలుస్తారని చివర్లో ఒక్క మాట.

నిర్వచనం రాసే తీరు గురించి ఒక మాట. "టీటీఎల్ అంటే..." అని మొదలుపెడితే చదివేవాడు ఖాళీ పేరును చేత్తో పట్టుకుని వాక్యం చివరిదాకా మోయాలి. ముందు విషయం చెప్పి, అది కళ్లకు కట్టాక, "ఆ సంఖ్యే టీటీఎల్" అని పేరు తగిలించండి. ఆ తర్వాత ఒకటి రెండు వాక్యాల్లోనే ఆ పదాన్ని పనిలో వాడండి. వాడకుండా అర పేజీ దాటితే మళ్లీ మరిచిపోతారు.

ఇక అసలు సంగతి. నిర్వచనం నిజమైతే చాలదు. కింద మనం చేయమనే పని ఏ గుణం మీద ఆధారపడి ఉందో ఆ గుణం నిర్వచనంలో ఉండాలి. "టీటీఎల్ అంటే రికార్డును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే సంఖ్య" అనేది నిజమే. కానీ ఇది చదివిన కొత్తవాడు ఏం చేస్తాడు? టీటీఎల్‌ను 300కి తగ్గిస్తాడు. అంటే ఐదు నిమిషాలే కదా అని ఐదు నిమిషాలు ఆగి అడ్రస్ మారుస్తాడు. ఇలాంటి గైడ్ పట్టుకుని సరిగ్గా ఇదే చేసిన కుర్రాడిని నేను చూశాను. గైడ్‌లో ప్రతి అడుగూ పాటించాడు పాపం. అయినా మర్నాటిదాకా సగంమందికి పాత సైటే కనిపించింది, ఆ రాత్రంతా అతనికి టెన్షన్.

ఏం జరిగిందో గడియారం పెట్టి చూద్దాం. రికార్డు టీటీఎల్ ఇన్నాళ్లూ 86400, అంటే 24 గంటలు. సోమవారం ఉదయం 9:59కి ఒక రిజాల్వర్ కాపీ తీసుకుంది. ఆ కాపీతో పాటు 86400 అనే సంఖ్య కూడా వెళ్లింది. 10:00కి మనం టీటీఎల్‌ను 300 చేశాం. ఆ రిజాల్వర్‌కు ఈ సంగతి తెలియదు. తన కాపీ గడువు మంగళవారం 9:59 దాకా ఉంది కాబట్టి అప్పటిదాకా మళ్లీ వచ్చి అడగదు. 10:05కి అడ్రస్ మార్చినా, ఆ రిజాల్వర్ మీద ఆధారపడినవాళ్లందరికీ దాదాపు ఒక రోజంతా పాత అడ్రసే అందుతుంది. అదే మంగళవారం 10:00 దాటాక మారిస్తే, బయట ఉన్న కాపీలన్నీ 300తో తీసుకున్నవే అయి ఉంటాయి. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది.

అంటే "కాపీ తీసుకున్నప్పుడు ఉన్న సంఖ్యే ఆ కాపీకి వర్తిస్తుంది" అన్న ఒక్క వాక్యం నిర్వచనంలో లేకపోవడం వల్ల, "ముందు" అనే మాటలో 24 గంటలు దాక్కుండిపోయాయి. రాసినవాళ్లకు తెలుసు కాబట్టి వాళ్లకు కనిపించలేదు. ప్రతి పదాన్నీ వాడేముందే నిర్వచించమని మీ సీనియర్ అనడంలో నాకు కనిపించే అతి పెద్ద లాభం ఇదే. అలా రాయడానికి కూర్చుంటేనే గైడ్‌లో లేని అడుగు బయటపడుతుంది.

ఇదంతా కలిపి నేనైతే ఇలా రాస్తాను:

> మనం బ్రౌజర్‌లో example.com అని టైప్ చేస్తాం. కానీ నెట్‌వర్క్‌లో ఒక సర్వర్‌ను చేరాలంటే పేరు చాలదు, ఆ సర్వర్‌కు కేటాయించిన 192.0.2.10 లాంటి సంఖ్య కావాలి. ఆ సంఖ్యను ఐపీ అడ్రస్ అంటారు. ఏ పేరుకు ఏ ఐపీ అడ్రసో చెప్పే వ్యవస్థ డీఎన్ఎస్. "example.com అడ్రస్ 192.0.2.10" అని చెప్పే వరుస ఒకటి డీఎన్ఎస్‌లో మన సైట్ పేరు మీద ఉంటుంది. ఆ వరుసే A రికార్డు. కొత్త సర్వర్ సిద్ధమయ్యాక మనకు మిగిలే పని, ఈ A రికార్డులో పాత ఐపీ అడ్రస్ తీసి కొత్తది రాయడం.
>
> రికార్డు మార్చిన క్షణంలోనే ఆ సంగతి అందరికీ తెలియదు. యూజర్ కంప్యూటర్ మన రికార్డును తానే వెతుక్కోదు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ లాంటివాళ్లు నడిపే ఒక సర్వర్‌ను అడుగుతుంది, ఆ సర్వర్ డీఎన్ఎస్‌లో వెతికి జవాబు తెచ్చి ఇస్తుంది. ఈ పని చేసే సర్వర్‌ను రిజాల్వర్ అంటారు. ప్రతిసారీ వెతకనక్కర్లేకుండా, తెచ్చిన రికార్డు కాపీని రిజాల్వర్ కొంతసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది. ఎంతసేపు ఉంచుకోవచ్చో రికార్డులోనే సెకన్లలో రాసి ఉంటుంది. ఆ సంఖ్యే టీటీఎల్. మనం రికార్డు మార్చే పేజీలో TTL అనే గడిలో ఇది కనిపిస్తుంది. కాపీ తీసుకున్నప్పుడు టీటీఎల్ ఎంత ఉందో అంతే ఆ కాపీకి వర్తిస్తుంది. తర్వాత మనం టీటీఎల్‌ను మార్చినా, అప్పటికే బయటికి వెళ్లిన కాపీల గడువు మారదు.
>
> మన A రికార్డు టీటీఎల్ ఇప్పుడు 86400 సెకన్లు, అంటే 24 గంటలు. ముందు దీన్ని 300 సెకన్లకు, అంటే 5 నిమిషాలకు తగ్గించండి. ఐపీ అడ్రస్‌ను ఇంకా ముట్టుకోవద్దు. పాత టీటీఎల్‌తో బయటికి వెళ్లిన కాపీలన్నిటికీ గడువు తీరాలి కాబట్టి 24 గంటలు ఆగండి. ఆ తర్వాత A రికార్డులో కొత్త ఐపీ అడ్రస్ రాయండి. ఇప్పుడు రిజాల్వర్ల దగ్గరున్న కాపీలకు గడువు 5 నిమిషాలే. అది తీరగానే అవి మళ్లీ వెతికి కొత్త అడ్రస్ తెచ్చుకుంటాయి. పాత కాపీలు ఇలా తొలగిపోయే సమయాన్నే చాలామంది ప్రాపగేషన్ అంటారు.
>
> కొన్ని రిజాల్వర్లు, కొన్ని ప్రోగ్రాములు టీటీఎల్ దాటాక కూడా పాత ఐపీ అడ్రస్‌నే వాడుతుంటాయి. అందుకని పాత సర్వర్‌ను వెంటనే ఆపకండి. తన దగ్గరికి వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నూ సర్వర్ ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. పాత సర్వర్‌లో ఆ ఫైల్ చూసి, యూజర్ల రిక్వెస్టులు రావడం ఆగిపోయాక దాన్ని ఆపండి.

మీ పేరా కన్నా ఇది చాలా పొడుగు, ఆ మాట నిజమే. పొడుగు పెరిగినంత మాత్రాన చదివే సమయం అదే లెక్కన పెరగదు. మీ మూడు వాక్యాలను కొత్తవాళ్లు ఒకటికి నాలుగుసార్లు చదివి, మధ్యలో వేరే పేజీలు తెరిచి, చివరికి మిమ్మల్నే అడుగుతున్నారు.

ఇందులో ఒక చిన్న విషయం గమనించండి. "A రికార్డు" గురించి రాస్తున్నప్పుడు ఆ "A" ఎందుకు అని ఎవరైనా అడుగుతారు. ఇంకా రకాలున్నాయి కాబట్టి. A రికార్డులో ఉండేది ఐపీవీ4 అడ్రస్. ఐపీవీ6 అడ్రస్ AAAA రికార్డులో ఉంటుంది. మీ డొమైన్‌కు రెండూ ఉంటే, A ఒక్కటే మార్చి ఊరుకుంటే ఐపీవీ6లో వచ్చేవాళ్లు పాత సర్వర్‌కే పోతారు. మీ సైట్‌కు AAAA లేకపోతే ఆ ఊసే గైడ్‌లో వద్దు. ఉంటే మాత్రం ఒక వాక్యం తప్పనిసరి. ఏ పదాన్నైనా నిర్వచించేటప్పుడు "ఇలాంటిది ఇంకేమైనా ఉందా?" అని మిమ్మల్ని మీరు ఒకసారి అడుక్కోండి.

రాసేశాక సరిచూసుకోవడానికి, ఎడిటర్‌లో ఒక్కో పదాన్నీ వెతికి అది మొదటిసారి ఎక్కడ వచ్చిందో చూడండి. మొదటి రాక నిర్వచనం దగ్గరే ఉండాలి. ఇక్కడ చాలామంది జారిపోయేది పేరాల్లో కాదు, పేరాల చుట్టూ ఉన్నవాటిలో. సెక్షన్ శీర్షిక "టీటీఎల్ తగ్గించడం" అని ఉంటే, ఆ పదం నిర్వచనానికి ముందే వచ్చేసినట్టు. "మార్పుకు ఒక రోజు ముందు చేయాల్సినవి" అని పెడితే ఇబ్బంది ఉండదు. బొమ్మల కింద రాసే మాటలు, హెచ్చరిక డబ్బాలు కూడా అంతే. కమాండ్ ఇస్తే దాని అవుట్‌పుట్ కూడా చదవాల్సిన పాఠమే అని మరిచిపోకండి. రికార్డు ఎలా ఉందో అడిగి చూపే dig కమాండ్‌తో ఒక నమూనా, సంఖ్యలు ఉదాహరణకే:

```
$ dig +noall +answer example.com A
example.com.   86215   IN   A   192.0.2.10
```

పేరు, A, అడ్రస్ మనం చెప్పినవే. కానీ గైడ్‌లో 86400 అని రాసి ఇక్కడ 86215 కనిపిస్తే కొత్తవాడు తనేదో తప్పు చేశాననుకుంటాడు. జవాబు రిజాల్వర్ దగ్గరున్న కాపీ నుంచి వస్తే, ఆ కాపీ గడువులో మిగిలిన సెకన్లే కనిపిస్తాయని, మళ్లీ కమాండ్ ఇస్తే సంఖ్య ఇంకా తగ్గొచ్చని కమాండ్‌కు ముందే చెప్పాలి. IN గురించి "మామూలు రికార్డులన్నిటిలో ఇలాగే ఉంటుంది, ఇక్కడ దానితో పని లేదు" అని ఒక్క ముక్క చాలు. పట్టించుకోనక్కర్లేదని చెప్పడం కూడా చదివేవాళ్లకు సాయమే. ఉదాహరణల్లో example.com, 192.0.2 తో మొదలయ్యే అడ్రస్‌లే వాడండి. అవి డాక్యుమెంటేషన్ కోసమే విడిగా కేటాయించినవి, ఎవరైనా యథాతథంగా కాపీ చేసినా సంబంధం లేని ఇంకొకరి సైట్ మీదికి పోరు.

ఇంకో జారుడు, ఒకే వస్తువుకు రెండు పేర్లు. ఒకచోట రికార్డు, ఇంకోచోట ఎంట్రీ, మరోచోట విలువ అని రాస్తే మూడు వేర్వేరు వస్తువులనుకుంటారు. బడిలో వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట మళ్లీ మళ్లీ వాడొద్దన్నారు, కానీ గైడ్‌లో అదే మాట మళ్లీ మళ్లీ వాడాలి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. వరుసగా చదివేవాళ్లకే "ముందు" అనే మాటకు అర్థం ఉంటుంది. సెర్చ్‌లో దొరికి నేరుగా మూడో పేరాలోకి దిగినవాళ్లకు పై నిర్వచనాలు లేనట్టే. అందుకే పైన మూడో పేరాలో "రిజాల్వర్ల దగ్గరున్న కాపీలకు" అని, విషయం కొంచెం తిరిగి తెలిసేలా రాశాను. వేరే పేజీలో నిర్వచించిన పదాన్ని మాత్రం నిర్వచించినట్టు లెక్కలోకి తీసుకోకండి. ఇక పని తెలిసినవాళ్లు రాత్రి పదకొండింటికి ఈ పేజీ తెరిస్తే వాళ్లకు కావాల్సింది వివరణ కాదు. వాళ్ల కోసం వేరే పేజీలో పొట్టి జాబితా పెట్టండి. అందులో మీ పాత పేరా దాదాపు అలాగే ఉండొచ్చు, 24 గంటల సంగతి మాత్రం చేర్చి. రెండు రకాల వాళ్లకూ ఒకే పేరా రాయాలని చూస్తే ఇద్దరికీ పనికిరాకుండా పోతుంది.

చివరగా, డీఎన్ఎస్ ఎప్పుడూ ముట్టుకోని ఒకరికి కొత్త పేరా ఇచ్చి చదవమనండి. "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. బదులుగా ఇలా అడగండి: "సోమవారం 10:00కి టీటీఎల్ తగ్గించి, 10:05కి అడ్రస్ మార్చాను. అందరూ కొత్త సర్వర్‌కు ఎప్పటికి వస్తారు?" మంగళవారం ఉదయానికి అంటే పేరా పని చేసినట్టే. 10:10కి అంటే, కాపీతో పాటే వెళ్లిన గడువు గురించి చెప్పిన రెండు వాక్యాలు వాళ్లకు అందలేదు. మిగతా పేరా జోలికి పోకుండా వాటినే తిరగరాయండి. సోమవారం 9:59 ఉదాహరణను అక్కడే పెట్టి చూడండి. అడ్రస్ ఎక్కడ మార్చాలో కూడా చెప్పలేకపోతే, జారింది అంతకన్నా పైన, A రికార్డు దగ్గర.